జాబ్ ఫెయిర్‌లో రెండు నిమిషాలు మాట్లాడిన రిక్రూటర్‌కి మెసేజ్ ఎలా రాయాలి

జాబ్ ఫెయిర్ అయిపోయాక రిక్రూటర్ చేతిలో మిగిలేది ఒక రెజ్యూమేల కట్ట, లేదంటే స్టాల్ దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినవాళ్ల లిస్టు. అందులో మీ పేరు ఉంటుంది. కానీ పేరు చూడగానే మీరు గుర్తురారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే టేబుల్ వెనక నిలబడి, వచ్చినవాళ్లందరినీ అవే ప్రశ్నలు అడిగిన మనిషికి ఎవరు ఏం చెప్పారో విడివిడిగా గుర్తుండదు. మహా అయితే రెజ్యూమే మూలన పెన్నుతో ఒక టిక్కో, ఒక చిన్న మాటో రాసుకుని ఉంటారు.

మీ మెసేజ్ చేయాల్సిన పని ఆ కట్టలోంచి మీ కాగితాన్ని బయటికి తీయించడం. మీరెంత మంచి అభ్యర్థో నిరూపించే పని రెజ్యూమేది, ఇంటర్వ్యూది. ఈ తేడా పట్టుకోకపోతే మెసేజ్ పేజీన్నర అవుతుంది, చివరిదాకా ఎవరూ చదవరు.

మొదటి నుంచి చివరిదాకా ఒకే ఉదాహరణ తీసుకుందాం. ఒక అమ్మాయికి రెండేళ్ల మాన్యువల్ టెస్టింగ్ అనుభవం ఉంది, అంటే సాఫ్ట్‌వేర్‌ని చేత్తో నడిపి తప్పులు పట్టే పని. అదే పనిని సెలీనియం లాంటి టూల్‌లో రాసిన స్క్రిప్టులతో చేయిస్తే ఆటోమేషన్. స్క్రీన్ల వెనక సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారిని పరీక్షించడం ఏపీఐ టెస్టింగ్. స్టాల్ దగ్గర రిక్రూటర్ రెజ్యూమే చూసి, "అంతా మాన్యువలేనా? ఆటోమేషన్ ఏమీ చేయలేదా?" అని అడిగారు. "చేశానండీ, లాగిన్, పేమెంట్ స్క్రీన్లకి సెలీనియంలో స్క్రిప్టులు రాశాను, ప్రతి రిలీజ్ ముందు అవే నడుపుతాం" అని చెప్పింది. "మరి ఏపీఐ టెస్టింగ్?" అంటే తడబడి, "కొంచెం తెలుసండీ" అంది. వెనక లైను కదులుతోంది. "మా వెబ్‌సైట్‌లో ఆటోమేషన్ టెస్టర్ పోస్టు ఉంది. అప్లై చేసి నాకో మెయిల్ పెట్టండి" అని రిక్రూటర్ కార్డు చేతికిచ్చారు. అంతే, సంభాషణ అయిపోయింది.

1. పక్క స్టాల్‌కి వెళ్లేలోపే రాసుకోండి

నాలుగైదు స్టాళ్లు తిరిగాక ఎవరు ఏం అన్నారో మీకే కలగాపులగం అయిపోతుంది. అందుకే ఒక స్టాల్ నుంచి బయటికి రాగానే పక్కకి జరిగి, ఫోన్‌లో నాలుగు విషయాలు రాసుకోండి. మాట్లాడిన మనిషి పేరు, పోస్టు పేరు, మిమ్మల్ని ఏం అడిగారు, మిమ్మల్ని ఏం చేయమన్నారు. పేరు కార్డు మీదో, మెడలోని బ్యాడ్జి మీదో ఉంటుంది. స్పెల్లింగ్ అక్కడే చూసుకోండి.

ఈ నాలుగింటిలో ఎక్కువమంది వదిలేసేది మూడోది. మనం ఏం చెప్పామో గుర్తుపెట్టుకుంటాం, వాళ్లేం అడిగారో మర్చిపోతాం. కానీ రిక్రూటర్‌కి మిమ్మల్ని గుర్తు చేసేది ఆ ప్రశ్నే. "నాకు రెండేళ్ల అనుభవం ఉంది" అని ఆ రోజు ఎంతోమంది చెప్పి ఉంటారు. "అంతా మాన్యువలేనా?" అన్న ప్రశ్న మాత్రం మీ రెజ్యూమే చూసి పుట్టింది. తాను అడిగిన ప్రశ్న మళ్లీ కనబడితే, దానికి వచ్చిన జవాబు కూడా గుర్తొచ్చే అవకాశం ఎక్కువ.

మన అమ్మాయి ఫోన్‌లో రాసుకున్నది ఇంతే: "కార్డు ఉంది. ఆటోమేషన్ టెస్టర్. అంతా మాన్యువలేనా అని అడిగారు. సెలీనియం అంటే ఆగి విన్నారు. ఏపీఐకి సరిగా చెప్పలేదు. వెబ్‌సైట్‌లో అప్లై చేసి మెయిల్ పెట్టాలి." వ్యాకరణం అక్కర్లేదు. ఆ "సరిగా చెప్పలేదు" అన్న ముక్క తర్వాత చాలా పనికొస్తుంది, చూద్దాం.

2. ముందు అప్లై చేయండి, తర్వాత మెసేజ్

ఈ వరుస తప్పితే మెసేజ్ సగం వృథా. చాలా కంపెనీల్లో అభ్యర్థి పేరు వాళ్ల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కితే తప్ప రిక్రూటర్ ఆ పేరు మీద ఏ పనీ చేయలేరు. టీమ్‌కి పంపాలన్నా, ఇంటర్వ్యూ పెట్టాలన్నా ముందు అప్లికేషన్ ఉండాలి. మీరు అప్లై చేయకుండా మెయిల్ పెడితే వచ్చే జవాబు "వెబ్‌సైట్‌లో అప్లై చేయండి" అనే. ఆ మాట రిక్రూటర్ ఆవిడ స్టాల్ దగ్గరే చెప్పేశారు. మళ్లీ చెప్పించుకోవడం ఎందుకు?

అప్లై చేసేటప్పుడు ఆ పోస్టు పక్కన ఉండే జాబ్ ఐడీని కాపీ చేసి పెట్టుకోండి. ఒకే పేరుతో రెండు మూడు పోస్టులు ఉండొచ్చు, నంబరు మాత్రం దేనిది దానికే. రెజ్యూమే మీద, అప్లికేషన్‌లో, మీరు పంపబోయే మెయిల్‌లో ఒకే మెయిల్ ఐడీ ఉండాలి. ఫెయిర్‌లో ఇచ్చిన రెజ్యూమే మీద కాలేజీ రోజుల మెయిల్, అప్లికేషన్‌లో ఇంకోటి ఉంటే, వెతికినప్పుడు మీరు దొరక్కపోవచ్చు.

ఇక్కడ ఒక మినహాయింపు ఉంది. "నేనే మీకు లింకు పంపిస్తాను" అనో, "స్టాల్‌లో ఉన్న క్యూఆర్ కోడ్ నుంచే అప్లై చేయండి" అనో రిక్రూటర్ చెబితే ఆ దారినే వెళ్లండి. ఫెయిర్ నుంచి వచ్చిన అభ్యర్థులను కొన్ని కంపెనీలు విడిగా లెక్క పెట్టుకుంటాయి, ఆ లింకు అందుకోసమే. తొందరపడి మామూలు దారిలో అప్లై చేస్తే ఆ లిస్టులో మీరు ఉండరు. పంపిస్తానన్న లింకు రెండు పనిదినాల్లో రాకపోతే, అప్పుడు మెసేజ్‌లో అదే అడగొచ్చు.

3. ఎక్కడికి పంపాలి

ఆవిడ ఏ దారి చూపిస్తే అదే. కార్డు ఇచ్చి మెయిల్ పెట్టమంటే మెయిల్. కార్డు మీద ఫోన్ నంబరు ఉందని వాట్సాప్ చేయకండి. "వాట్సాప్‌లో పంపండి" అని నోటితో అన్నారా, అప్పుడే.

కార్డు దొరకనివాళ్లు లింక్డిన్‌లో వెతుకుతారు. పేరు, కంపెనీ రెండూ కలిపి వెతికి, ఫొటో చూసి ఆ మనిషేనని ఖాయం చేసుకోండి. కనెక్ట్ రిక్వెస్ట్‌తో పాటు చిన్న నోటు రాసే వీలుంటుంది, కానీ తొందరలో బటన్ నొక్కేస్తే నోటు లేకుండానే రిక్వెస్ట్ వెళ్లిపోవచ్చు. పోనీ వెనక్కి తీసుకుని మళ్లీ పంపుదామంటే, అదే మనిషికి మూడు వారాల దాకా మళ్లీ పంపనివ్వదు. కాబట్టి వేలు పెట్టేముందు చూసుకోండి. ఉచిత ఖాతాలో నోటుకి దాదాపు 200 అక్షరాలే ఇస్తుంది, నెలకి కొన్ని నోట్లే రాయనిస్తుంది. తెలుగులో రాస్తే గుణింతాలు, ఒత్తులు కూడా విడి అక్షరాలుగా లెక్కకొస్తాయి, అందుకని అనుకున్నదానికంటే ముందే నిండిపోతుంది. ఆ కాస్త జాగాలో ఇంత పడుతుంది:

> నమస్కారం. శనివారం ఫెయిర్‌లో కలిశాను: మాన్యువల్ టెస్టర్‌ని, సెలీనియం స్క్రిప్టుల గురించి చెప్పాను. ఆటోమేషన్ టెస్టర్ పోస్టుకి (48213) అప్లై చేశాను.

పేరు అసలు గుర్తులేకపోతే ఊహించి రాయకండి. పేరు లేని మెసేజ్‌ని క్షమిస్తారు, వేరేవాళ్ల పేరుతో వచ్చినదాన్ని పక్కన పడేస్తారు. మెయిల్ ఐడీ కూడా అంతే. పేరు, చుక్క, ఇంటిపేరు అంటూ అంచనా వేసి పంపితే అది తిరిగి రావచ్చు, లేదా అదే పేరున్న ఇంకెవరికో చేరొచ్చు. కంపెనీ కెరీర్స్ మెయిల్ ఐడీకి "శనివారం ఫెయిర్‌లో మీ స్టాల్‌లో ఉన్న రిక్రూటర్ దృష్టికి" అని రాయడం మేలు. ఏదీ తెలియక అదే కంపెనీలో ముగ్గురు హెచ్‌ఆర్‌లకి ఒకే మెసేజ్ పంపేవాళ్లున్నారు. ఆ ముగ్గురూ పక్కపక్కన కూర్చునేవాళ్లే కావచ్చు.

4. సబ్జెక్ట్ లైన్

ఫోన్‌లో మెయిల్ చూసేవాళ్లకి సబ్జెక్ట్‌లో మొదటి నాలుగైదు మాటలే కనబడతాయి. "ఉద్యోగ అవకాశం కోసం అభ్యర్థన" అంటే ఆ నాలుగైదు మాటలూ దండగ, వచ్చే మెయిళ్లన్నీ అలాంటివే. పోస్టు ముందు, ఫెయిర్ తర్వాత, నంబరు చివర పెట్టండి:

> ఆటోమేషన్ టెస్టర్, శనివారం ఫెయిర్‌లో కలిశాం, జాబ్ ఐడీ 48213

రెండు నెలల తర్వాత ఆవిడ మెయిల్‌బాక్స్‌లో ఆ నంబరు కొట్టి వెతికినా మీ మెయిల్ బయటికొస్తుంది.

5. మెసేజ్ రాయడం

మన అమ్మాయి మొదట రాసిన చిత్తు ప్రతి ఇలా ఉంది అనుకుందాం:

> గౌరవనీయులైన సర్/మేడమ్, నిన్న జాబ్ ఫెయిర్‌లో మిమ్మల్ని కలవడం చాలా సంతోషంగా అనిపించింది. మీ విలువైన సమయం కేటాయించినందుకు ధన్యవాదాలు. మీ సంస్థ అంటే నాకెంతో గౌరవం. నేను కష్టపడి పనిచేసే, త్వరగా నేర్చుకునే మనిషిని. నా రెజ్యూమే జతచేశాను. నాకు తగిన ఉద్యోగం ఏదైనా ఉంటే దయచేసి తెలియజేయగలరు.

మర్యాదకేమీ లోటు లేదు. కానీ ఇందులో ఒక్క మాట కూడా మార్చకుండా ఆ రోజు ఉన్న అన్ని స్టాళ్లకీ పంపొచ్చు, చదివేవాళ్లకి ఆ సంగతి తెలిసిపోతుంది. కార్డు చేతిలో పెట్టుకుని "సర్/మేడమ్" ఏమిటి? అన్నింటికంటే నష్టం చేసేది ఆ చివరి వాక్యం. "తగిన ఉద్యోగం ఏదైనా" అంటే కంపెనీలో ఉన్న పోస్టులన్నీ వెతికి, నాకేది సరిపోతుందో మీరే తేల్చండి అని పని అప్పజెప్పడం. అంత తీరిక ఆవిడకి ఉండదు.

ఫోన్‌లో రాసుకున్నది ముందు పెట్టుకుని తిరగరాస్తే ఇలా వస్తుంది:

> (పేరు) గారికి నమస్కారం.
>
> శనివారం మధ్యాహ్నం జాబ్ ఫెయిర్‌లో మీ స్టాల్ దగ్గర కలిశాను. నా రెండేళ్ల మాన్యువల్ టెస్టింగ్ అనుభవం చూసి, ఆటోమేషన్ చేశారా అని అడిగారు. లాగిన్, పేమెంట్ స్క్రీన్లకి సెలీనియం స్క్రిప్టులు రాశానని చెప్పాను.
>
> మీరు చెప్పినట్టే ఆటోమేషన్ టెస్టర్ పోస్టుకి (జాబ్ ఐడీ 48213) అప్లై చేశాను. అప్లికేషన్ ఇదే మెయిల్ ఐడీతో ఉంది.
>
> ఏపీఐ టెస్టింగ్ గురించి అడిగినప్పుడు సరిగా చెప్పలేకపోయాను. పోస్ట్‌మన్ టూల్‌లో రిక్వెస్టులు పంపి రెస్పాన్స్ చెక్ చేయడం వచ్చు. ప్రాజెక్టులో మాత్రం ఇంకా వాడలేదు.
>
> ఈ పోస్టుకి నా ప్రొఫైల్ సరిపోతుందనిపిస్తే సంబంధిత టీమ్‌కి పంపగలరా? రెజ్యూమే జతచేశాను.
>
> (మీ పేరు, ఫోన్ నంబరు)

మీరు ఇంగ్లీషులో రాసినా ఇదే వరుస. ఇందులో ప్రతి పేరాకీ ఒక పని ఉంది.

మొదటి పేరా గుర్తు చేస్తుంది. రోజు, పూట, ఆవిడ అడిగిన ప్రశ్న, మీ జవాబు. ఇక్కడ జరిగినదానికంటే ఒక్క అంగుళం కూడా ఎక్కువ రాయొద్దు. రెండు నిమిషాల మాటని "మన సుదీర్ఘ చర్చ" అంటే ఆవిడకి నవ్వొస్తుంది, ఆ తర్వాత రాసినవన్నీ అనుమానంగా చదువుతారు. "అప్లై చేసి మెయిల్ పెట్టండి" అన్న మాట "నాకు ఇంటర్వ్యూ ఇప్పిస్తానన్నారు" అయిపోకూడదు. "మీరు చెప్పినట్టే" అంటే చాలు, అది నిజం కూడా.

రెండో పేరాలో ఆవిడకి కావాల్సిన ఆచూకీ ఉంది. నంబరు కొట్టగానే మీరు కనబడతారు.

మూడో పేరా రాయడానికి చాలామంది వెనకాడతారు. బాగా చెప్పలేకపోయినదాన్ని మళ్లీ గుర్తు చేయడం దేనికి అనుకుంటారు. నా దృష్టిలో మెసేజ్ మొత్తంలో పనికొచ్చే పేరా ఇదే. ఆ పోస్టుకి ఏపీఐ టెస్టింగ్ అవసరం కాబట్టే ఆవిడ అడిగారు. "కొంచెం తెలుసు" అంటే ఎంతో తెలియక ఆ గడి ఖాళీగా ఉంది. ఇప్పుడు అది నిండింది, అదీ నిజాయితీగా. "ప్రాజెక్టులో వాడలేదు" అన్న మాట వల్ల ఆ పోస్టు పోతే, ఇంటర్వ్యూలో ఎలాగూ పోయేదే. అయితే ఇది ఒక్క విషయానికే పరిమితం కావాలి. తడబడిన జవాబులన్నీ వరసగా సవరించుకుంటూ పోతే అది సంజాయిషీ అవుతుంది.

చివరి పేరాలో అడిగింది ఒక్కటే. ఫార్వర్డ్ బటన్ నొక్కితే అయిపోయే పని. "ఉద్యోగం ఇప్పించండి" అనలేదు, ఆవిడ ఇప్పించలేరు కూడా. స్టాల్‌లో నిలబడే రిక్రూటర్ చాలాసార్లు ఆ పోస్టు చూసే మనిషే కాదు. ఫెయిర్ కోసం హెచ్‌ఆర్ నుంచి వచ్చినవాళ్లు వేరు, టీమ్‌కి మనుషుల్ని తీసుకునే మేనేజర్ వేరు.

అందుకే ఇంకో సంగతి చూసుకోవాలి. ఈ మెయిల్ ఫార్వర్డ్ అయితే, చదివే మేనేజర్ ఫెయిర్‌కి రాలేదు. "మనం అనుకున్న ఆ విషయం", "మీరన్న ఆ పోస్టు" లాంటి మాటలు ఆయనకి ఏమీ అర్థం కావు. పంపేముందు, స్టాల్ దగ్గర లేని మనిషిలా ఒకసారి చదవండి. ఎవరీ అమ్మాయి, ఏం వచ్చు, ఏ పోస్టు అని అందులోనే తెలిసిపోవాలి.

మాట్లాడింది ఏమీ లేకపోతే

కొన్నిసార్లు రెజ్యూమే ఇచ్చారు, తీసుకున్నారు, కరపత్రం చేతిలో పెట్టారు, అంతే. అప్పుడు లేని సంభాషణని పుట్టించకండి. "శనివారం మీ స్టాల్‌లో రెజ్యూమే ఇచ్చాను, రద్దీగా ఉండటంతో మాట్లాడే వీలు కాలేదు" అని ఒక వాక్యం రాసి, నేరుగా జాబ్ ఐడీకి, ఆ పోస్టుకి దగ్గరగా మీరు చేసిన ఒక పనికి వెళ్లండి. గుర్తుపట్టరు, నిజమే. కానీ కట్టలో ఉన్న కాగితానికి ఒక నంబరు తగిలింది, అది తక్కువేం కాదు.

6. ఎప్పుడు, దేనితో

రెండు పనిదినాల్లోపు పంపేయండి. ఫెయిర్ ముగిసిన సాయంత్రమే పంపాల్సిన పని లేదు, ఆ పూట వాళ్లు స్టాల్ సర్దుకుంటూ, ప్రయాణంలో ఉంటారు. శనివారం ఫెయిర్ అయితే ఆదివారం అప్లై చేసి, సోమవారం పొద్దున్న మెయిళ్ల తాకిడి కాస్త తగ్గాక పదకొండింటికో పన్నెండింటికో పంపితే సరిపోతుంది. వారం దాటితే మొదటి పేరాకి బలం తగ్గిపోతుంది.

రెజ్యూమే ఫెయిర్‌లో ఇచ్చినా మళ్లీ జతచేయండి, పీడీఎఫ్‌గా. ఫైలు పేరు `resume_final_new2.pdf` అని ఉంటే డౌన్‌లోడ్ చేశాక ఎవరిదో తెలియదు. మీ పేరు, పోస్టు పేరు పెట్టండి. డ్రైవ్ లింకు పంపాలనుకుంటే, ముందు వేరే ఖాతాలోంచో లాగిన్ లేని బ్రౌజర్‌లోంచో తెరిచి చూడండి. "యాక్సెస్ అడగండి" అని వస్తే రిక్రూటర్‌కీ అదే వస్తుంది, ఆవిడ అడగరు.

7. పంపాక

జవాబు రాకపోవడం మామూలే. వారం పది రోజులు ఆగి, ఒక్కసారి గుర్తు చేయొచ్చు. కొత్త మెయిల్ మొదలుపెట్టకుండా పాతదానికే రిప్లై ఇవ్వండి, కింద మొదటి మెయిల్ ఉంటుంది కాబట్టి మళ్లీ కథ చెప్పనక్కర్లేదు. "చూశారా?" అని మాత్రమే అడిగితే ఇబ్బంది పెట్టినట్టు ఉంటుంది. కొత్త సంగతి ఒకటి ఉండాలి, అవును కాదు అని జవాబిచ్చే ప్రశ్న ఒకటి ఉండాలి:

> నమస్కారం. కింద ఉన్న మెయిల్ గురించే. ఈ మధ్యలో పోస్ట్‌మన్‌తో చిన్న ప్రాక్టీస్ ప్రాజెక్టు చేసి, లింకు రెజ్యూమేలో కలిపాను. కొత్త కాపీ జతచేశాను. ఈ పోస్టు ఇంకా ఖాళీగా ఉందా?

దీనికీ జవాబు రాకపోతే ఆ పోస్టు విషయంలో ఇక రాయకండి. రెండు నెలల తర్వాత అదే కంపెనీలో ఇంకో పోస్టు పడితే, దానికి అప్లై చేసి, కొత్త జాబ్ ఐడీతో మళ్లీ రాయొచ్చు, తప్పేం లేదు.

"మీ వివరాలు మా దగ్గర ఉంచుకుంటాం" అని జవాబొస్తే ప్రస్తుతానికి లేదనే అర్థం చేసుకోండి. ఒక్క వాక్యంలో ధన్యవాదాలు చెప్పి ఆపేయండి. "ఏ టైములో మాట్లాడొచ్చు?" అని అడిగితే మాత్రం ఆ రోజే జవాబివ్వాలి. "మీకు ఎప్పుడు వీలైతే అప్పుడు" అని మర్యాదకి రాస్తారు చాలామంది, దాంతో ఇంకో రెండు మెయిళ్లు నడుస్తాయి. "బుధవారం 11 నుంచి 1 దాకా, గురువారం 4 తర్వాత" అని రెండు వేళలు ఇవ్వండి. ఉద్యోగంలో ఉంటే నోటీస్ పీరియడ్ ఎంతో కూడా అదే మెయిల్‌లో రాసేయండి, ఫోన్‌లో మొదట అడిగేది అదే.

ఇంకొకటి. ఫెయిర్‌లో మీ రెజ్యూమే చాలా చేతులు మారి ఉంటుంది. ఆ కంపెనీ పేరు చెప్పి, కంపెనీ డొమైన్ కాకుండా మామూలు మెయిల్ ఐడీ నుంచి ఎవరైనా రాసి, రిజిస్ట్రేషన్ ఫీజనో ట్రైనింగ్ డిపాజిట్ అనో డబ్బు అడిగితే దానికి జవాబివ్వకండి. కార్డు మీద ఉన్న ఐడీకి ఆ మెయిల్‌ని ఫార్వర్డ్ చేసి, ఇది మీరు పంపించిందేనా అని అడగండి.